అనువాదం మాత్రమే చదివినవారు మూలాన్ని ఎంతవరకు ఉటంకించవచ్చు?

“నమస్కారం సార్. నేను హనుమకొండలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. స్త్రీ జీవితం ఇతివృత్తంగా వచ్చిన నవలల మీద నా పరిశోధన. అందులో ఒక అధ్యాయం మొత్తం పి.వి. నరసింహారావు గారు తెలుగు చేసిన ‘అబల జీవితం’ మీద ఉంది. మూలం హరి నారాయణ ఆప్టే గారి మరాఠీ నవల. నాకు మరాఠీ రాదు, హిందీ చదవగలను. మా గైడు గారు మూలాన్నే ఉటంకించాలంటున్నారు. తోటి పరిశోధకులేమో తెలుగు పుస్తకం పేరు రాస్తే సరిపోతుందంటున్నారు. గ్రంథసూచిలో ఆప్టే పేరు ముందు రావాలా, పి.వి. గారి పేరా? సంవత్సరం ఏది వెయ్యాలి? ఇంగ్లీషు విమర్శకులు ఈ నవల నుంచి ఇచ్చిన వాక్యాలను నేను తెలుగు చేసి వాడుకోవచ్చా?”
— ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

మీరు ఏ పుస్తకం చదివి, ఏ పుటలోంచి వాక్యం ఎత్తి రాశారో ఆ పుస్తకాన్నే ఉటంకించాలి. ఇందులో రెండో మాట లేదు. కాబట్టి మీ అధ్యాయంలో కొటేషన్ గుర్తుల మధ్య వచ్చే ప్రతి వాక్యానికీ పాదసూచిక ‘అబల జీవితం’ పేరు మీద, మీ చేతిలో ఉన్న ముద్రణలోని పుట సంఖ్యతోనే ఉండాలి. మరాఠీ పుస్తకం తెరవకుండా పాదసూచికలో మరాఠీ నవల పేరు రాస్తే, చదవనిదాన్ని చదివినట్టు చెప్పుకోవడమే అవుతుంది. అయినా మీ గైడు గారి మాటను తోసిపుచ్చకండి. వారి పట్టుదల వెనుక న్యాయమైన కారణం ఉంది. తెలుగు పుస్తకం ఆధారంగా మీరు చేసే వ్యాఖ్యల్లో కొన్ని ఆప్టేకు చెందుతాయి, కొన్ని పి.వి. గారికి చెందుతాయి, ఏది ఎవరికి చెందుతుందో చదివేవారికి తేటతెల్లం కావాలి. మూలమా, అనువాదమా అన్నది సిద్ధాంత గ్రంథం మొత్తానికి ఒక్కసారి తేల్చి పక్కన పెట్టే విషయం కాదు. మీరు రాసిన ఒక్కొక్క వాక్యం దేని గురించి ఏం చెబుతోందో చూసుకుని తేల్చుకోవలసిన విషయం.

మీ అధ్యాయంలో ఉండడానికి అవకాశమున్న వాక్యాలను కొన్ని నేనే ఊహించుకుని చెబుతాను. “చిన్న వయసులో పెళ్లయిన యమునకు భర్త రఘునాథరావు మరణం తర్వాత బలవంతంగా శిరోముండనం చేయించారు” అని రాశారనుకోండి. ఇది కథలో జరిగిన సంగతి. సంక్షిప్తానువాదం కాని ఏ అనువాదమైనా కథలోని సంఘటనలను నిలబెడుతుంది. కాబట్టి తెలుగు పుస్తకం పుట సంఖ్య ఇచ్చి “ఆప్టే నవలలో” అని ధైర్యంగా రాయవచ్చు. “ఆప్టే ఈ కథను యమున చేత ఆమె నోటనే చెప్పించారు” అన్నది కథన నిర్మాణానికి సంబంధించిన వాక్యం. దానికీ తెలుగు పుస్తకం చాలు, ఎందుకంటే ఉత్తమ పురుష కథనాన్ని అనువాదకుడు తనంతట తాను కల్పించి ఉండడు. ఒకవేళ అనుమానం వచ్చినా మూలంలో ఒక్క పుట చూస్తే అది తీరిపోతుంది.

ఇక “ఆప్టే వాక్యాలు చిన్నవిగా, ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తీరులో సాగుతాయి” అని రాసి, కింద ‘అబల జీవితం’ పుట సంఖ్య ఇచ్చారనుకోండి. ఇక్కడ తప్పు జరిగింది. ఆ పుటలో మీరు చూసిన వాక్యాలు ఆప్టే రాసినవి కావు. వాక్యం పొడవు, విరుపు, నుడికారం, పిలుపులు, సామెతలు అన్నీ పి.వి. గారి చేతి మీదుగా వచ్చినవి. వాటి నుంచి మరాఠీ శైలిని ఊహించడానికి లేదు. ఈ వాక్యాన్ని “పి.వి. నరసింహారావు అనువాదంలో యమున కథనం చిన్న వాక్యాలతో, ఇంటిమాటల తీరులో సాగుతుంది” అని మార్చితే అదే పుట సంఖ్య, అదే ఆధారం, ఏ లోపమూ లేకుండా నిలబడతాయి. మీరు కనిపెట్టిన విషయం ఏమీ తగ్గలేదు, అది ఎవరిదో సరిగ్గా చెప్పారు, అంతే. అధ్యాయం పూర్తయ్యాక ఒకసారి కూర్చుని, “ఆప్టే” అని వచ్చిన ప్రతి చోటా ఆగి, ఆ వాక్యం కథ గురించా, మాట గురించా అని అడుగుతూ పోండి. మాట గురించి అయితే ఆప్టే పేరు తీసి అనువాదకుడి పేరు పెట్టండి, లేదా మూలం చూసి రండి.

మీ పరిశోధన స్త్రీ జీవితం మీద కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్త్రీ గొంతు గురించి మీరు తప్పకుండా రాస్తారు, అక్కడే జారిపోయే ప్రమాదం ఎక్కువ. తెలుగులో “నేను వెళ్లాను” అంటే చెప్పింది ఆడో మగో క్రియను బట్టి తెలియదు. మరాఠీలో అలా కాదు. “నేను వెళ్లాను” అనడానికి మగవాడు “మీ గేలో” అంటాడు, ఆడది “మీ గేలే” అంటుంది. “వెళ్తాను” అనడానికి కూడా “జాతో”, “జాతే” అని రెండు రూపాలున్నాయి. హిందీ చదవగలరు కాబట్టి ఈ తేడా మీకు వెంటనే పడుతుంది. అంటే మరాఠీ మూలంలో యమున తన గురించి చెప్పుకునే మాటల్లో చాలా క్రియలు ఆమె స్త్రీ అన్న సంగతిని మోస్తూ ఉంటాయి. ఒక పురుష రచయిత వందల పుటల పాటు ఆ రూపాలతోనే రాసుకుంటూ పోయాడు. తెలుగులోకి వచ్చేసరికి వ్యాకరణం ఆ గుర్తును చెరిపేస్తుంది. అది అనువాదకుడి లోపం కాదు, తెలుగు ఉత్తమ పురుష క్రియకు లింగభేదం లేదు. కాబట్టి తెలుగు పుస్తకం ముందు పెట్టుకుని “ఆప్టే భాష స్థాయిలో స్త్రీ గొంతును ఎలా నిర్మించారు” అన్న చర్చ చేయడానికి ఆధారం మీ చేతిలో ఉండదు. యమున దేని గురించి మాట్లాడుతుంది, దేని దగ్గర ఆగిపోతుంది, ఎవరికి భయపడి ఏం దాస్తుంది, స్నేహితురాలు దుర్గి కథను ఎలా గుర్తు చేసుకుంటుంది అన్న చర్చకు మాత్రం తెలుగు పుస్తకం నిండా ఆధారం ఉంటుంది. మొదటి చర్చకు మూలం తప్పనిసరి, రెండో చర్చకు అనువాదం చాలు.

దీని వెంటే ఇంకో హెచ్చరిక. “మూలంలోని ఫలానా గుణం తెలుగులో పోయింది” అనో, “పి.వి. గారు దాన్ని మరోలా భర్తీ చేశారు” అనో రాయాలనిపిస్తుంది. అనువాదాల మీద రాసే అధ్యాయాల్లో ఇలాంటి వాక్యాలు విరివిగా కనిపిస్తాయి. పోయింది అనడానికైనా, భర్తీ చేశారు అనడానికైనా రెండు పుస్తకాలూ చూసి ఉండాలి. ఒక్కటే చూసినవారు “తెలుగులో ఇలా ఉంది” అనగలరు గాని, “అలా లేకుండా పోయింది” అనలేరు. అటువంటి వాక్యం రాసినప్పుడు పాదసూచికలో రెండు పుట సంఖ్యలు ఉండాలి, ఒకటి మరాఠీ ముద్రణది, ఒకటి తెలుగు ముద్రణది. మరాఠీ పుట సంఖ్య లేని చోట ఆ వాక్యాన్ని కొట్టెయ్యండి.

మరాఠీ రాకపోయినా మూలాన్ని కొంతవరకు తడిమి చూడడం మీకు సాధ్యమే. హిందీ చదివేవారికి లిపి అడ్డు కాదు, మరాఠీదీ దేవనాగరి లిపే. హిందీలో కనిపించని ‘ళ’ అక్షరం ఉంటుంది, అది తెలుగువారికి కొత్తది కాదు. ఆప్టే 1919లో మరణించారు, కాపీరైటు గడువు ఎప్పుడో ముగిసింది, కనుక మరాఠీలో ఈ నవలకు ముద్రణలు పలు చోట్ల దొరుకుతాయి. ఏదైనా ఒక పూర్తి ముద్రణ సంపాదించి, ముందుగా ప్రకరణాల సంఖ్యను తెలుగు పుస్తకంతో సరిచూడండి. సంఖ్య కలిస్తే అనువాదం పూర్తిపాఠమనే నమ్మకం కొంత కుదురుతుంది. కలవకపోతే ప్రకరణాలను కలిపారా, కుదించారా అన్నది ఎక్కడ తేడా మొదలైందో చూసి కనుక్కోవాలి. తర్వాత మీరు అధ్యాయంలో ఉటంకించిన వాక్యాల్లో ముఖ్యమైన నాలుగైదింటిని ఎంచుకుని, అదే ప్రకరణంలో మూలం ఎక్కడుందో పేర్ల ఆధారంగా పట్టుకోండి. యమున, దుర్గి, రఘునాథరావు, పుణె, ముంబయి లాంటి పేర్లు దేవనాగరిలో కంటికి తొందరగా ఆనతాయి. సంభాషణ మొదలయ్యే చోటు, అంకెలు, ఉత్తరాలు ఉంటే అవీ దారి చూపుతాయి. ఆ పుటలను గుర్తు పెట్టుకుని, వాటిని మాత్రం మరాఠీ వచ్చినవారి దగ్గరికి తీసుకెళ్లండి.

మన ప్రాంతంలో మరాఠీ వచ్చినవారికి కొదవ లేదు. ఆదిలాబాద్ వైపు, బోధన్, మద్నూర్ వైపు మరాఠీ ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, మీ విశ్వవిద్యాలయం హాస్టళ్లలోనే అటువైపు నుంచి వచ్చిన విద్యార్థులు కనబడతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మరాఠీ శాఖ ఉంది. అయితే ఇంట్లో మాట్లాడే మరాఠీ వేరు, 1890ల నాటి పుణె బ్రాహ్మణ కుటుంబాల మాట వేరు, కాబట్టి సాహిత్యం చదివిన మనిషి అయితే మేలు. వారిని “అనువాదం బాగుందా” అని అడగకండి, ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీకు పనికిరాదు. “ఈ పేరాలో మూలంలో ఉండి తెలుగులో రానిది ఏమైనా ఉందా, తెలుగులో ఉండి మూలంలో లేనిది ఏమైనా ఉందా” అని అడగండి. వారు చెప్పింది వాడుకుంటే పాదసూచికలో “మరాఠీ మూలంతో సరిచూడడంలో ఫలానావారు సహకరించారు” అని వారి అనుమతితో పేరు రాయండి. ఇలా సరిచూసిన వాక్యాల దగ్గర మాత్రమే తెలుగు పుట సంఖ్య పక్కన మరాఠీ పుట సంఖ్య కూడా వేయండి. సరిచూడని వాటికి అలంకారంగా వేయవద్దు. వైవాలో పరీక్షకులు ఒక్క పాదసూచిక పట్టుకుని “ఈ పుట మీరు చూశారా” అని అడిగితే, జవాబు అవునే కావాలి.

సంవత్సరం విషయానికి వస్తాను. ఈ నవల ఆప్టే స్వయంగా నడిపిన ‘కరమణూక్’ పత్రికలో 1890 నుంచి ధారావాహికగా వచ్చింది, 1893లో పుస్తకమైంది. తెలుగు అనువాదాన్ని సాహిత్య అకాడమీ దశాబ్దాల తర్వాత ప్రచురించింది. మీరు “ఆప్టే” అని రాసి పక్కన తెలుగు ముద్రణ సంవత్సరం ఒక్కటే వేస్తే, సంగతి తెలియని పాఠకుడు ఆప్టేను స్వాతంత్ర్యానంతర రచయితగా పొరబడతాడు. మీ అంశంలో ఇది చిన్న పొరపాటు కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైంది 1892లో, అచ్చయింది 1897లో. అంటే మరాఠీలో యమున కథ వారం వారం సాగిన కాలంలోనే తెలుగులో బుచ్చమ్మ రంగస్థలం మీదికి వచ్చింది. ఈ సమకాలీనత మీ అధ్యాయానికి వెన్నెముక కాగల విషయం, తెలుగు ముద్రణ సంవత్సరం ఒక్కటే వేస్తే అది మాయమవుతుంది. పోనీ అని 1893 ఒక్కటే వేసి తెలుగు పుట సంఖ్య ఇస్తే, 1893 నాటి పుస్తకంలో ఆ పుటలో ఆ వాక్యం ఉండదు కాబట్టి ఎవరూ దాన్ని వెతికి పట్టుకోలేరు.

అందువల్ల రెండు సంవత్సరాలూ ఉండాలి. సంవత్సరాన్ని ప్రధానంగా పట్టించుకునే ఏ.పీ.ఏ. పద్ధతిలో దీనికి స్పష్టమైన ఏర్పాటు ఉంది. వాక్యం లోపల ఆప్టే పేరు పక్కన 1893 వేసి, ఏటవాలు గీత గీసి, మీరు చూసిన తెలుగు ముద్రణ సంవత్సరం వేస్తారు. గ్రంథసూచిలో తెలుగు ముద్రణ సంవత్సరం ముందు ఇచ్చి, చివర మూలరచన తొలి ప్రచురణ 1893 అని చేరుస్తారు. సాహిత్య విభాగాల్లో ఎక్కువగా వాడే ఎం.ఎల్.ఎ. పద్ధతిలో మూల ప్రచురణ సంవత్సరం తప్పనిసరి కాదు, ఇస్తే అభ్యంతరం లేదు. మీ విశ్వవిద్యాలయం ఏ పద్ధతి అడిగినా, మీ అధ్యాయంలో కాలక్రమం ముఖ్యం కాబట్టి ఇవ్వమనే నేనంటాను. తెలుగు ముద్రణ సంవత్సరం కోసం అట్టను గాని, గ్రంథాలయం కార్డును గాని నమ్మకండి. లోపలి పేరు పుట వెనుక వైపు తొలి ముద్రణ, పునర్ముద్రణలు విడివిడిగా ఉంటాయి. వాటిలో మీ చేతిలోని ప్రతి ఏదో ఆ సంవత్సరమే రాయాలి, పునర్ముద్రణలో పుటలు జరిగి ఉండవచ్చు.

ఎం.ఎల్.ఎ. పద్ధతిలో మీ గ్రంథసూచిలోని పద్దు ఇంచుమించు ఇలా ఉంటుంది: “ఆప్టే, హరి నారాయణ. అబల జీవితం. 1893. అనువాదం: పి.వి. నరసింహారావు. సాహిత్య అకాడమీ, మీ ప్రతిలోని సంవత్సరం.” మూలం పేరు ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ అని చివర ఒక వాక్యంగా చేర్చండి. తెలుగు పేరు మరాఠీ పేరును అనుసరించి పెట్టింది కాదు కనుక, మూలం పేరు ఇవ్వకపోతే తర్వాత వెతికేవారు రెండు వేరు వేరు నవలలనుకునే వీలుంది. మరాఠీ ముద్రణను పైన చెప్పినట్టు నిజంగా చూసి పుట సంఖ్యలు ఇచ్చినట్లయితే దానికి విడిగా ఇంకో పద్దు రాయండి. చూడకపోతే రాయవద్దు, మూలం పేరు తెలుగు పుస్తకం పద్దులోనే ఉంటే చాలు.

పేరు ఎవరిది ముందు అన్నదానికి జవాబు మీ అధ్యాయం ఎవరి గురించో దాన్ని బట్టి ఉంటుంది. మీరు రాస్తున్నది యమున జీవితం గురించి, అంటే ఆప్టే నవల గురించి, కాబట్టి ఆప్టే ముందు. రేపు ఎవరైనా పి.వి. గారి అనువాద కృషి మీద అధ్యాయం రాస్తే, అదే పుస్తకం వారి గ్రంథసూచిలో “నరసింహారావు, పి.వి., అనువాదకుడు” అని మొదలవడం సబబు. ఎం.ఎల్.ఎ. పద్ధతి దీన్ని అనుమతిస్తుంది. కాళోజీ ‘జీవన గీత’ను చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అది ఖలీల్ జిబ్రాన్ ‘ది ప్రాఫెట్’కు తెలుగు రూపం. వరంగల్‌లో దాన్ని చదివేవారు సాధారణంగా జిబ్రాన్ కోసం కాక కాళోజీ కోసం చదువుతారు. కాళోజీ కవితా భాష మీద రాసేటప్పుడు ‘జీవన గీత’ ప్రాథమిక ఆకరమే అవుతుంది, అది కాళోజీ పేరు మీదే మొదలవుతుంది, జిబ్రాన్ పుస్తకం దాని పక్కన విడిగా వస్తుంది. ఇక్కడ పరిశోధకుడికి భాష రాదనే సాకు కూడా లేదు. జిబ్రాన్ లెబనాన్‌లో పుట్టిన అరబ్బీ రచయిత కాబట్టి మూలం అరబ్బీ అని అనుకునేవారుంటారు, అది సరికాదు. ఆయన ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోనే రాశారు, 1923లో న్యూయార్క్‌లో అచ్చయింది. కాబట్టి కాళోజీ మీద రాసేవారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని రెండు పుట సంఖ్యలూ ఇవ్వవలసిందే. మూలభాష ఏదన్నది రచయిత పుట్టిన ఊరిని బట్టి ఊహించకుండా, తొలి ప్రచురణను చూసి నిర్ధారించుకోవాలి.

కొన్నిసార్లు ఆ తొలి ప్రచురణే చిక్కు పెడుతుంది. గోర్కీ ‘అమ్మ’ తొలిసారి అచ్చయింది 1906–07లో ఒక అమెరికన్ పత్రికలో, ఇంగ్లీషు అనువాదంగా. రష్యన్ పుస్తకం 1907లో బెర్లిన్‌లో వచ్చింది, తర్వాత గోర్కీ దాన్ని మార్చి రాశారు. అలాంటి చోట “మూలం” అన్న ఒక్క మాట సరిపోదు, ఏ ముద్రణ అన్నది చెప్పాలి. మీ నవల విషయంలోనూ పత్రికలో వచ్చిన పాఠం వేరు, పుస్తక పాఠం వేరు అన్న సంగతి గుర్తుంచుకోండి. మీరు సరిచూసేది పుస్తక పాఠంతో కాబట్టి “1890 నాటి పాఠంలో” అని ఎక్కడా రాయవద్దు.

ఇంగ్లీషు విమర్శకులు ఇచ్చిన వాక్యాల సంగతి మిగిలింది. వారు ఆప్టే నవలలోంచి ఒక పేరా తీసుకుని తామే ఇంగ్లీషు చేసి రాసి ఉంటారు. మీరు దాన్ని మళ్లీ తెలుగు చేస్తే, అది మరాఠీ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చిన మూడో చేతి వాక్యం. పైగా అదే పేరాకు మరాఠీ నుంచి నేరుగా వచ్చిన తెలుగు మీ బల్ల మీదే ఉంది. పి.వి. గారు నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివినవారు, మరాఠీ బాగా తెలిసినవారు. ఆ పేరాను ‘అబల జీవితం’లో వెతికి, కథా ఘట్టాన్ని బట్టి పట్టుకుని, పి.వి. గారి వాక్యాలనే ఇవ్వండి. కొటేషన్ తెలుగు పుస్తకానిది, దాని గురించి చేసిన వ్యాఖ్య ఇంగ్లీషు విమర్శకుడిది, రెంటికీ వేరు వేరు పాదసూచికలు ఉంటాయి. తెలుగు వాక్యానికీ ఇంగ్లీషు వాక్యానికీ అర్థంలో తేడా కనబడితే దాచకండి. అటువంటి చోటే మరాఠీ పుట తెరిపించి చూడాలి, ఎందుకంటే విమర్శకుడి వాదన తన అనువాదం మీదే నిలబడి ఉండవచ్చు. ఆ పేరా తెలుగు పుస్తకంలో కనబడకపోతే అప్పుడు మాత్రం మీరే తెలుగు చేసి, “ఇంగ్లీషు నుంచి తెలుగు అనువాదం నాది” అని రాసి, విమర్శకుడి పుస్తకాన్ని ఉటంకించండి. ఆప్టేను నేరుగా ఉటంకించవద్దు.

ఇదే న్యాయం ఎదురు దిశలో ఇంకా గట్టిగా వర్తిస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను పి.వి. గారే ‘సహస్రఫణ్’ పేరుతో హిందీ చేశారు. హిందీలో దాని మీద వచ్చిన వ్యాసం మీకు పనికొచ్చి, అందులోని ఒక పేరాను తెలుగులో ఇవ్వాలనుకుంటే, హిందీ వాక్యాలను తిరిగి తెలుగు చేసి విశ్వనాథ పేరు మీద పెట్టడం ఎంతమాత్రం కూడదు. ఆ వాక్యాలు విశ్వనాథ ఎన్నడూ రాయనివి. ‘వేయిపడగలు’ తెరిచి ఆయన వాక్యాన్నే ఇవ్వాలి. మూలం తెలుగులో ఉన్నప్పుడు తెలుగు పరిశోధకుడికి అనువాదాన్ని ఆశ్రయించే హక్కు లేదని నేను గట్టిగా నమ్ముతాను. హిందీ పాఠకులు ఈ నవలను ఎలా అందుకున్నారు అన్నదే మీ చర్చ అయినప్పుడు మాత్రం ‘సహస్రఫణ్’ను హిందీలోనే ఉటంకించి, కింద విశ్వనాథ తెలుగు వాక్యం ఇవ్వండి.

గైడు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ వాదనంతా నోటితో చెప్పేకంటే, అధ్యాయం మొదట్లో చేర్చబోయే ఒక చిన్న వివరణను రాసి తీసుకెళ్లండి. “ఈ అధ్యాయంలో ఆప్టే నవలలోని వాక్యాలన్నీ పి.వి. నరసింహారావు తెలుగు అనువాదం నుంచి ఇచ్చాను. కథ, పాత్రలు, కథన నిర్మాణం మీద చేసిన వ్యాఖ్యలు మూలానికి వర్తిస్తాయి. భాష, శైలి మీద చేసిన వ్యాఖ్యలు తెలుగు అనువాదానికే పరిమితం. మరాఠీ పుట సంఖ్య ఇచ్చిన చోట మూలంతో సరిచూశాను” అన్న నాలుగు వాక్యాలు చాలు. ఆ నాలుగో వాక్యం నిజం కావడానికి ఎన్ని పేరాలు సరిచూడాలో, ఏవి సరిచూడాలో వారినే అడగండి. మూలం చూడాలన్నది వారి కోరిక కాబట్టి, ఏ పేరాల దగ్గర అది తప్పనిసరో వారే గుర్తు పెట్టి ఇస్తే, ఆ పుటలు పట్టుకుని మరాఠీ తెలిసినవారి దగ్గరికి వెళ్లడం మీకు సులువవుతుంది.